చేనేత ఊళ్ల సిరీస్‌కి ప్రతిసారీ వాడుకోగల ఎపిసోడ్ చట్రం

ప్రశ్న: నేను, మా బావమరిది కలిసి తెలుగు రాష్ట్రాల చేనేత ఊళ్ల మీద వీడియో సిరీస్ మొదలుపెట్టాం. మూడు ఎపిసోడ్లు వేశాం. ఒకటి ఆరు నిమిషాలు, ఇంకొకటి పద్దెనిమిది. ఒకదానికీ ఇంకొకదానికీ పోలిక లేదు. ప్రతిసారీ ఎడిటింగ్ సున్నా నుంచి మొదలవుతోంది, వారానికి ఒకటి అనుకున్నది నెలకి ఒకటి కూడా రావట్లేదు. ఇంట్రో, మధ్యలో భాగాలు, ఔట్రో ఒక పద్ధతిలో పెట్టుకుని ప్రతి ఊరికీ వాడుకునేలా ఎలా చేసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి సార్.

సమాధానం:

నేను చాలాకాలం టీవీలో వారం వారం వచ్చే ఫీచర్ కార్యక్రమాలకి ఎడిటర్‌గా, తర్వాత ప్రొడ్యూసర్‌గా పనిచేశాను. అక్కడ నేర్చుకున్నదే మీ పనికి సరిపడేలా చెబుతాను.

ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసేయండి. ఫార్మాట్ అనగానే చాలామంది టైటిల్ యానిమేషన్, లోగో, పేర్లు పడే పట్టీ దగ్గర మొదలుపెడతారు. అవి చివర్లో చేసుకునేవి. మొదట కావలసింది సిరీస్ మొత్తం అడిగే ఒకే ఒక్క ప్రశ్న. "చేనేత గురించి చెబుతాం" అనేది ప్రశ్న కాదు, విషయం మాత్రమే. అందుకే ఒక ఎపిసోడ్ చరిత్ర వైపు వెళ్లింది, ఒకటి ఇంటర్వ్యూ అయింది, ఇంకొకటి చీరల దుకాణం వీడియో అయింది అనుకుంటాను. మీ సిరీస్‌కి నేనైతే ఈ ప్రశ్న పెడతాను: "ఈ ఊరి బట్టలో కష్టం ఎక్కడ ఉంది, ఆ కష్టానికి డబ్బు ఎవరికి వెళుతుంది?" పోచంపల్లికీ, ఉప్పాడకీ, గద్వాలకీ, మంగళగిరికీ ఇదే ప్రశ్న. జవాబు మాత్రం ఏ ఊరికి ఆ ఊరిదే. ప్రశ్న మారకుండా జవాబు మారుతూ ఉంటే దాని మీద సిరీస్ నిలబడుతుంది.

ఆ ప్రశ్నని ముక్కలు చేస్తే భాగాలు వాటంతట అవే వస్తాయి. ఈ పని ఈ ఊళ్లోకి ఎలా వచ్చింది? ఆ పనిలో కష్టమైన మెట్టు ఏది? ఆ మెట్టు మీద కూర్చున్న మనిషి ఎవరు? చివరికి ఎవరికి ఎంత? ఈ నాలుగింటికి ఊరు, పని, మనిషి, ధర అని పేర్లు పెట్టుకోండి. ప్రతి భాగానికి "ఇందులో డ్రోన్ షాట్లు వస్తాయి" అని కాకుండా "ఇది ఫలానా ప్రశ్నకి జవాబు చెబుతుంది" అని రాసుకోవాలి. డ్రోన్ లేని రోజు కూడా ఆ భాగం తయారవ్వాలి కదా.

పది నిమిషాల ఎపిసోడ్‌కి నేను వేసే లెక్క ఇది. మొదటి 25 సెకన్లు టీజర్, 5 సెకన్లు టైటిల్. ఊరికి 1 నిమిషం 10 సెకన్లు. పనికి 4 నిమిషాలు. మనిషికి 2 నిమిషాల 10 సెకన్లు. ధరకి 1 నిమిషం 40 సెకన్లు. ముగింపు 30 సెకన్లు. కూడితే సరిగ్గా 10 నిమిషాలు. యూట్యూబ్ వివరణలో అధ్యాయాలు కూడా ఇలాగే పెట్టొచ్చు:

```
0:00 ఒక ప్రశ్న
0:30 ఊరు
1:40 పని
5:40 మనిషి
7:50 ధర
9:30 వచ్చే ఊరు
```

అధ్యాయాలు పనిచేయాలంటే మొదటిది 0:00 దగ్గరే మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి 10 సెకన్లకి తగ్గకూడదు. సమయాలు ఎపిసోడ్‌ని బట్టి ఓ పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతాయి, పరవాలేదు. పేర్లూ వరుసా మాత్రం మార్చకండి. మూడు ఎపిసోడ్లు చూసిన ప్రేక్షకుడికి "ఇప్పుడు ధర వస్తుంది" అని తెలిసిపోవాలి. దానికోసమే ఆగేవాళ్లు కొందరు ఉంటారు.

చాలామంది భాగాలు పెట్టుకుంటారు గానీ వాటిని కలిపే చోట్ల గురించి ఆలోచించరు. ఒక భాగం అయిపోయింది, నల్లటి తెర వచ్చింది, ఇంకో భాగం మొదలైంది అంటే చూసేవాడికి లేచి వెళ్లడానికి అవకాశం ఇచ్చినట్టే. కాబట్టి ప్రతి భాగం చివరి వాక్యం తర్వాతి భాగానికి ప్రశ్న కావాలి. ఆ వాక్యాన్ని స్క్రిప్టులో ముందే రాసుకుని, దాని చుట్టూ మిగతాది అల్లండి. నా మటుకు నేను ఫార్మాట్‌లో గట్టిగా బిగించేది ఈ అతుకుల్నే. భాగం లోపల ఏం చూపిస్తారు, ఊరివాళ్లు కెమెరాకి చెప్పే మాట, అంటే బైట్, ముందు పెడతారా, మీరు చదివే వ్యాఖ్యానం, అంటే వీఓ, ముందు పెడతారా అన్నది ఆ ఊరు మీకు ఏం ఇస్తే దాన్ని బట్టి ఉంటుంది. లోపల కూడా బిగిస్తే అయిదో ఎపిసోడ్‌కే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అతుకులు వదిలేస్తే ఇప్పుడు మీకున్న పరిస్థితే వస్తుంది.

పోచంపల్లి ఎపిసోడ్ ఒకటి కాగితం మీద కట్టి చూద్దాం.

టీజర్‌లో నేను చీర చూపించను. రంగు ఆరిన దారపు కట్టని ఒక మనిషి ఒళ్లో పెట్టుకుని, దానికి చుట్టిన రబ్బరు ముక్కల్ని ఒక్కొక్కటీ విప్పుతుంటాడు. రబ్బరు కింద రంగు పట్టని తెల్లటి చోటు బయటపడుతుంది. ఆ పనిని దగ్గర నుంచి ఆపకుండా ఆ 25 సెకన్లూ చూపించి, దాని మీద రెండు వాక్యాలు వేస్తాను: "ఈ దారం మీద బొమ్మ అప్పుడే ఉంది. చీర ఇంకా నెయ్యనేలేదు." వెంటనే టైటిల్. ఎపిసోడ్‌లోని మంచి షాట్లన్నీ కలిపి పరుగులు పెట్టే మాంటేజ్ టీజర్‌గా వద్దు. అందులో ఏ షాటూ మనసులో నిలవదు, పైగా తర్వాత రావలసిన షాట్లన్నీ ముందే ఖర్చయిపోతాయి. చేతులు చేసే ఒకే ఒక్క పని, దాని మీద జవాబు చెప్పని ఒక్క ముక్క చాలు. ఏ ఊరికైనా టీజర్‌కి ఇదే నియమం.

టైటిల్ 5 సెకన్లు దాటకూడదు. మొదటిసారి చూసేవాడికి పది సెకన్ల టైటిల్ ముచ్చటగానే ఉంటుంది. వరసగా చూసేవాడికి అదే టైటిల్ ప్రతి ఎపిసోడ్‌లో అడ్డం వస్తుంది, మనకి కావలసింది ఆ రెండోవాడే. సిరీస్ పేరు, కింద ఊరి పేరు, వెనక ఆ ఊరి బట్ట నిండుగా. ప్రతిసారీ మారేవి రెండే: ఊరి పేరు, బట్ట. కదలిక, చప్పుడు, నిడివి ఎప్పుడూ ఒకటే.

తర్వాత ఊరు. ఇక్కడ మీకు పెద్ద ఆకర్షణ ఎదురవుతుంది. పోచంపల్లి అనగానే 1951లో వినోబా భావే రావడం, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం ఇవ్వడం, భూదానోద్యమం అక్కడే మొదలవడం చెప్పాలనిపిస్తుంది. అది గొప్ప కథ. కానీ మీ సిరీస్ ప్రశ్నకి అది జవాబు కాదు. ఒక్క వాక్యంలో ఊరి గుర్తుగా చెప్పి ముందుకి వెళ్లండి. మీకున్న డెబ్బై సెకన్లు ఈ విద్య ఈ ప్రాంతానికి ఎలా చేరిందో, చుట్టూ ఏ ఏ ఊళ్లు ఈ పని మీద బతుకుతున్నాయో చెప్పడానికి కావాలి. ఫార్మాట్ వల్ల అసలు లాభం ఇదే: ఏది తీసేయాలో ప్రతిసారీ కొత్తగా తేల్చుకోనక్కర్లేదు. భూదానం మీద విడిగా చిన్న వీడియో చేయండి. ఈ భాగం చివరి వాక్యం ఇలా ఉండొచ్చు: "ఇక్కడ చీర మీద బొమ్మ మగ్గం మీద పుట్టదు. మరి ఎక్కడ పుడుతుంది?"

పని భాగం ఎపిసోడ్‌కి గుండెకాయ, అందుకే దానికి నాలుగు నిమిషాలు. అయినా అన్ని మెట్లూ చూపించకండి. నూలు, వడకడం, గంజి, పడుగు, అద్దకం, నేత అంటూ వరసగా చూపిస్తే ప్రతి ఊరి ఎపిసోడూ సగం ఒకటే అవుతుంది, ఎందుకంటే ఆ మెట్లలో చాలావరకు అన్ని ఊళ్లలోనూ ఉన్నవే. ఆ ఊరికే ప్రత్యేకమైన మెట్టు ఒక్కటి పట్టుకుని మూడు నిమిషాలు దాని దగ్గర ఉండండి, మిగతా అన్నింటికీ కలిపి ఒక్క నిమిషం ఇవ్వండి. పోచంపల్లిలో ఆ మెట్టు ఆసు, చిటికి కట్టడం. మేకుల చుట్టూ దారం అటూ ఇటూ తిప్పి ఆసు పోయడం, దాని మీద గుర్తులు పెట్టడం, రంగు పట్టకూడని చోట బిగించి కట్టడం, అద్దడం, ఆరాక విప్పి రెండో రంగుకి మళ్లీ వేరే చోట కట్టడం. ఇది అర్థమైన ప్రేక్షకుడికి బొమ్మ అంచులు ఎందుకు కాస్త చెదిరినట్టు ఉంటాయో మీరు చెప్పకుండానే తెలుస్తుంది. దారాలు వెంట్రుకవాసి జరిగితే అంచు చెదురుతుంది. అచ్చు వేసిన నకిలీ బట్టకి ఆ చెదురు సహజంగా రాదు. ఇలాంటి చూసి పట్టుకోగల గుర్తు ప్రతి ఎపిసోడ్‌లో పని భాగం చివర ఒకటి ఉండాలని నియమం పెట్టుకోండి. కొనేవాళ్లకి పనికొస్తుంది, మీ భాగానికీ ఒక ముగింపు దొరుకుతుంది. ఆ తర్వాత అతుకు: "ఇన్నిసార్లు చెయ్యి తిప్పి ఆసు పోసేది ఎవరు?"

దానికి జవాబు మనిషి భాగం. ఆసు పోసేది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లు. భుజాలు ఎలా నొప్పెడతాయో ఆ ఇంటి అమ్మే చెప్పాలి, వీఓ చెప్పకూడదు. తల్లి పడే ఈ బాధ చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి ఇక్కడ రెండు వాక్యాల్లో అతుకుతుంది, ఎందుకంటే మీ ముందున్న ఇంట్లో ఆ యంత్రం ఉందా లేదా అన్నది ప్రశ్న. ఈ భాగంలో ఒక్క మనిషే ఉండాలి. ముగ్గురు నలుగురి బైట్లు కలిపితే ఎవరూ గుర్తుండరు. వయసు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, పిల్లలు ఈ పనిలో ఉన్నారా అనే మూడూ ప్రతి ఊళ్లో అవే మాటలతో అడగండి. పది ఊళ్లు అయ్యాక ఆ జవాబులన్నీ పక్కపక్కన పెడితే మీ సిరీస్‌కి ఎవరూ ఊహించని ఒక ప్రత్యేక ఎపిసోడ్ తయారవుతుంది. ప్రశ్న ఒకేలా అడిగి ఉంటేనే ఆ పోలిక కుదురుతుంది.

ధర భాగాన్ని మాత్రం గ్రాఫిక్‌తో చేయండి, ప్రతి ఎపిసోడ్‌లో ఒకే గ్రాఫిక్. ఒక చీర ధరని నిలువు పట్టీగా చూపించి, అందులో నూలు, రంగు, ముందు పనుల కూలీ, నేత కూలీ, పెట్టుబడి పెట్టిన మాస్టర్ వీవర్ భాగం, దుకాణం భాగం అని ఆరు ముక్కలు. ముక్కల సైజు మారుతుంది గానీ వరుసా రంగులూ మారవు. గద్వాల చీర పట్టీ పోచంపల్లి పట్టీ కంటే ఎక్కడ తేడాగా ఉందో చూసేవాళ్లు తామే పట్టుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కూలీ ఎంత అని మాస్టర్ వీవర్ ఎదురుగా నేతగాణ్ణి అడగొద్దు. అడిగితే నిజం రాదు, వస్తే అతనికి ఇబ్బంది. కెమెరా ఆపి, విడిగా కనీసం ఇద్దరు ముగ్గురిని అడిగి, ఎవరి పేరూ పెట్టకుండా "ఇంత నుంచి ఇంత" అని వేయండి. ఏ నెలలో అడిగారో తెర మీద రాయండి, నూలు ధర మారుతూ ఉంటుంది కాబట్టి. ఒక ఊళ్లో ఎవరూ చెప్పకపోతే ఆ ముక్కని ఖాళీగా గీతలతో చూపించి "చెప్పలేదు" అని రాయండి. అంచనా మీద నింపితే ఆ భాగం మీద నమ్మకం పోతుంది, ఒకసారి పోతే పాత ఎపిసోడ్ల మీద కూడా పోతుంది.

ఇక ఈ చట్రం నిజంగా అన్ని ఊళ్లకీ పనికొస్తుందా అన్నది షూటింగ్‌కి ముందే తేల్చుకోవాలి. మీ జాబితాలో అన్నింటికంటే కష్టమైన ఊరిని తీసుకుని కాగితం మీద నింపి చూడండి. తేలికైన ఊరితో పరీక్షిస్తే ఏదైనా పాసవుతుంది. ఉప్పాడ తేలికే: జాందానీలో అదనపు దారాన్ని చేత్తో ఒక్కో బుటా దగ్గర పెట్టి నేస్తారు, కష్టం కళ్లకి కనిపిస్తుంది. గద్వాల కూడా అంతే: నూలు ఒంటికి పట్టు అంచుని మగ్గం మీదే కలపాలి, ఆ కలిపే చోటే మీ మెట్టు. మంగళగిరి దగ్గర చిక్కు వస్తుంది. ఒంటి మీద బొమ్మ ఉండని సాదా బట్ట. "కష్టమైన మెట్టు ఏది" అంటే కెమెరాకి చూపించడానికి బొమ్మ లేదు. అప్పుడు ప్రశ్నని మార్చేయాలనిపిస్తుంది. మార్చొద్దు, దాన్ని ఇంకాస్త లోతుకి తీసుకెళ్లండి: బొమ్మ లేని బట్టలో తప్పు దాక్కోవడానికి చోటు లేదు. ఒక దారం తెగినా, అడ్డదారాన్ని బిగించే దెబ్బ ఒకచోట గట్టిగా ఇంకోచోట వదులుగా పడినా చార కనిపిస్తుంది. కాబట్టి అక్కడి మెట్టు గుంట మగ్గం మీద ఒకే బలంతో దెబ్బ వేయడం. టీజర్‌లో మగ్గం చప్పుడు ఒక్కటే చాలు. ఇలా కష్టమైన ఊరు కూడా ఇమిడింది అంటే చట్రం గట్టిదే. ఇమడకపోతే మీ భాగం పేరు మరీ ఇరుకుగా ఉందని అర్థం. ఉదాహరణకి "పని" అనే భాగానికి "డిజైన్" అని పేరు పెట్టి ఉంటే మంగళగిరి దగ్గరే విరిగిపోయేది.

అయినా ఏదో ఒక ఊరు మొండికేస్తుంది. దానికోసం ఒక భాగాన్ని మార్చుకునే వీలు ముందే పెట్టుకోండి. మీ సిరీస్‌లో అది ఊరు భాగం. ఊరి గురించి చెప్పడానికి పెద్దగా లేకపోతే ఆ డెబ్బై సెకన్లలో ఆ బట్టని రోజూ కట్టుకునే ఒక మనిషిని పెట్టండి. మిగతావి కదపొద్దు. ఒకే ఎపిసోడ్‌లో రెండు భాగాలు మార్చవలసి వస్తోంది అంటే ఆ ఊరు ఈ సిరీస్‌లోది కాదు, విడిగా చేయాలి.

ముగింపు దగ్గర తెలుగు ఛానెళ్లలో దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. "ఈ వీడియో మీకు నచ్చితే..." అని మొదలుపెడతారు. ఆ మాట వినగానే అయిపోయిందని తెలిసి వేలు తెర మీదకి వెళుతుంది. వీడ్కోలు చెప్పకండి. ధర పట్టీ నుంచి నేరుగా వచ్చే ఊరికి దాటండి. యూట్యూబ్ ఎండ్ స్క్రీన్ వీడియో చివరి 5 నుంచి 20 సెకన్లలోనే పెట్టగలం, మామూలు అడ్డం వీడియోలో నాలుగు వరకు పెట్టెలు పెట్టొచ్చు. కాబట్టి ముగింపు 30 సెకన్లలో మొదటి 10 మీ మనిషిది, అంటే ఆమె ముఖం మీద ఒక ఆఖరి మాట. మిగతా 20 సెకన్లు ఎండ్ స్క్రీన్ కోసమే తీసిన షాట్. ఆ షాట్ షూటింగ్ రోజునే తీయాలి: ట్రైపాడ్ మీద, కదలకుండా, మగ్గం ఎడమవైపు, కుడివైపు సగం ఖాళీ గోడ, అర నిమిషం పాటు. తర్వాత ఎడిటింగ్‌లో ఆ చోటు కల్పించలేం, పెట్టెలు మనిషి ముఖం మీద కూర్చుంటాయి. వీఓ ఈ 20 సెకన్లు కూడా ఆగకూడదు: "పోచంపల్లిలో బొమ్మ దారం మీద పుడుతుంది. ఉప్పాడలో నేస్తుండగా చేత్తో పెడతారు. వచ్చే వారం అక్కడికి." ఒక పెట్టెలో సిరీస్ ప్లేలిస్ట్, ఇంకో పెట్టెలో సబ్‌స్క్రైబ్. రెండే చాలు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవండి. ఒక ఖాళీ ప్రాజెక్ట్ చేసి, పది నిమిషాల టైమ్‌లైన్ మీద ప్రతి భాగం మొదట్లో మార్కర్, ప్రతి భాగం నిండా ఆ భాగం పేరు రాసిన బూడిదరంగు ముక్క పెట్టండి. టైటిల్, నాలుగు భాగాల పేరు పట్టీలు, మనుషుల పేర్ల పట్టీ, ధర గ్రాఫిక్, ముగింపు మ్యూజిక్ అన్నీ వాటి స్థానాల్లో ఉండాలి. ప్రతి ఎపిసోడ్‌కి దీని కాపీ తీసుకుని బూడిద ముక్కల్ని షాట్లతో నింపడమే. పని సగానికి తగ్గేది ఇక్కడే. డావిన్చీ రిజాల్వ్ వాడితే ఈ గ్రాఫిక్స్‌ని పవర్ బిన్‌లో పెట్టండి, ఏ ప్రాజెక్ట్ తెరిచినా కనిపిస్తాయి. అసలు మూల ప్రాజెక్ట్‌ని మాత్రం ఎప్పుడూ నేరుగా తెరిచి పని చేయకండి.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి, చాలా టెంప్లేట్లు విరిగేది దీని దగ్గరే. ప్రీమియర్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే Preferences లో Graphics కింద Text Engine ని South Asian and Middle Eastern కి మార్చండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇది Type కింద ఉంటుంది. మార్చాక "స్వాతంత్ర్యం", "లక్ష్మి", "రాష్ట్రం" టైప్ చేసి చూడండి, మూడూ సరిగ్గా వస్తే పరవాలేదు. ఇంకో చిక్కు, ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి చేసిన పట్టీలో తెలుగు వత్తుల అడుగు తెగిపోతుంది. పట్టీ ఎత్తుని "స్వాతంత్ర్యం" అనే మాటకి సరిపడా పెట్టుకోండి, ఆ తర్వాత ఏ పేరొచ్చినా పడుతుంది. పేరు పొడుగైతే అక్షరం సైజు తగ్గించొద్దు, రెండో వరుసకి వెళ్లేలా ముందే చోటు ఉంచండి.

మ్యూజిక్ విషయంలో కఠినంగా ఉండండి. టైటిల్ మ్యూజిక్ ప్రతి ఎపిసోడ్‌లో ఉంటుంది కాబట్టి దాని మీద కాపీరైట్ క్లెయిమ్ వస్తే ఒక వీడియోకి కాదు, సిరీస్ మొత్తానికి వస్తుంది. సినిమా పాట ముక్క అస్సలు వద్దు. తెలిసినవాళ్లతో చేయించుకుంటే హక్కుల గురించి ఒక కాగితం రాయించుకోండి, లేదా యూట్యూబ్ ఆడియో లైబ్రరీ నుంచి తీసుకోండి. నన్నడిగితే, భాగాల మధ్య వచ్చే రెండు సెకన్ల పట్టీకి మ్యూజిక్ అక్కర్లేదు. ఆ ఊరి మగ్గం చప్పుడే పెట్టండి. ఎలాగూ ప్రతి ఊళ్లో మగ్గం చప్పుడు, మాటలు లేకుండా, ఒక నిమిషం విడిగా రికార్డ్ చేసుకోవాలి. వీఓ కింద అది లేకపోతే కట్ పడిన ప్రతిచోటా చప్పుడు ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది. మొత్తం ధ్వని స్థాయిని, చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే LUFS లెక్కలో -14 దగ్గర ఉంచితే ఒక ఎపిసోడ్ నుంచి ఇంకో ఎపిసోడ్‌కి వెళ్లినప్పుడు వాల్యూమ్ సర్దుకునే పని ఉండదు.

చట్రం నుంచి షూటింగ్ కాగితం కూడా పుట్టాలి. ఒకే పేజీ. అందులో అతుకులకి కావలసిన షాట్లు మాత్రమే రాయండి: టీజర్ కోసం చేతుల క్లోజప్, టైటిల్ కోసం ఫ్రేము నిండా బట్ట, పనిలో ఆ ఊరి మెట్టు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఒకసారి, నకిలీని పట్టుకునే గుర్తు అసలు బట్ట మీద, మనిషి ముఖం మీద మాటలు లేని పది సెకన్లు, మగ్గం చప్పుడు, ఎండ్ స్క్రీన్ గోడ షాట్. ఇవి అయ్యేదాకా ఆ ఊరు వదిలి రాకండి. మిగతావి ఎన్ని తీసుకున్నా మీ ఇష్టం. నేత ఇళ్లలో ట్యూబులైట్లు ఎక్కువ, షట్టర్ 1/50 దగ్గర పెట్టకపోతే తెర మీద చారలు పాకుతాయి. ఇది కూడా ఆ కాగితం మీదే రాసుకోండి, అక్కడికి వెళ్లాక టెన్షన్‌లో మర్చిపోతాం.

వీఓకి ముందు ఒక పేజీ గట్టిగా చదివి ఫోన్‌లో టైమ్ చూసుకోండి. మామూలుగా చదివితే తెలుగులో నిమిషానికి వంద పదాలు అటూ ఇటూ వస్తాయి. అంటే ఊరు భాగానికి వంద పదాల కంటే ఎక్కువ రాసుకుంటే ఊపిరి ఆడదు. స్క్రిప్టు రాసేటప్పుడే ప్రతి భాగం పైన పదాల హద్దు రాసిపెట్టుకుంటే పద్దెనిమిది నిమిషాల ఎపిసోడ్ ఇక పుట్టదు.

ఈ చట్రంతో నాలుగు ఎపిసోడ్లు వేసేదాకా ఏదీ మార్చొద్దు. ఆ తర్వాత యూట్యూబ్ స్టూడియోలో నాలుగింటి ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫులు, అంటే ఏ క్షణం దగ్గర ఎంతమంది చూస్తున్నారో చూపే గీతలు, ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. వరుస ఒకటే కాబట్టి ఇప్పుడు గ్రాఫులని పోల్చొచ్చు, ఇంతకుముందు మీ ఆరు నిమిషాల వీడియోని పద్దెనిమిది నిమిషాలదానితో పోల్చడానికి వీల్లేదు. నాలుగింటిలోనూ టైటిల్ దగ్గరే గీత కిందికి జారితే తప్పు టైటిల్‌ది. ఒక్కదానిలోనే జారితే తప్పు ఆ టీజర్‌ది, చట్రం జోలికి పోవద్దు. ఊరు భాగంలో గీత నెమ్మదిగా వాలుతూ పని మొదలవగానే నిలబడితే ఊరు ఎక్కువైంది, నలభై సెకన్లకి తగ్గించండి. ధర దగ్గర గీత పైకి లేస్తే జనం వెనక్కి తిప్పి చూస్తున్నారని, లేదా అధ్యాయం నొక్కి నేరుగా అక్కడికే వస్తున్నారని అర్థం. అప్పుడు దానికి ఇంకో అర నిమిషం ఇవ్వొచ్చు, కానీ ముందుకి జరపొద్దు. దానికోసం ఆగేవాళ్లే పని భాగాన్ని కూడా చూస్తున్నారు. ఒక విడతలో ఒక్క మార్పే చేయండి, లేకపోతే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

మీరు ఇప్పటికే వేసిన మూడింటినీ తీసేయకండి, మళ్లీ ఎడిట్ కూడా చేయకండి. వాటిని వేరే ప్లేలిస్ట్‌లోకి మార్చి, కొత్త ప్లేలిస్ట్‌ని కొత్త చట్రంలోని మొదటి ఊరితో మొదలుపెట్టండి. మూడింటిలో ఏ ఊళ్లో చేశారో, ఎవరితో మాట్లాడారో రాస్తే ఏ షాట్లు కొత్త ఎపిసోడ్‌లో వాడుకోవచ్చో, దేనికి మళ్లీ ఒకసారి వెళ్లాలో చెబుతాను.